నాలుగు కర్ణాలకు న్యాయం చేయండి

సమఘనానికి ఆరు ముఖాలు, ఎనిమిది శీర్షాలు, పన్నెండు అంచులు అని బడిపిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. దాని లోపల నాలుగు కర్ణాలున్నాయని చెప్పేవాళ్లు మాత్రం అరుదు. కర్ణం పొడవు a√3 అని ఒక సూత్రం బట్టీ పట్టించి, దాని మీద చిన్న లెక్క ఒకటి ఇచ్చి వాటిని సాగనంపేస్తాం. డిగ్రీలో గ్రూపు సిద్ధాంతం వచ్చినప్పుడైనా వాటికి పీట వేస్తారనుకుంటే అక్కడా నిరాశే. సమఘనం భ్రమణాల గ్రూపు S₄తో ఐసోమార్ఫిక్ అని బోర్డు మీద రాస్తారు. ఇక్కడా 24, అక్కడా 24 అని చూపించి పేజీ తిప్పేస్తారు. ఈ 24కూ ఆ 24కూ సంబంధం కుదిర్చింది కర్ణాలే. వాటి పేరు ఎత్తకుండానే క్లాసు ముగిసిపోవడం ఎంతమాత్రం న్యాయం కాదు.

లెక్క సరిపోయినంత మాత్రాన గ్రూపులు ఒకటైపోవు. 24 మూలకాలతో, ఒకదానితో ఒకటి పొసగని గ్రూపులు మొత్తం 15 ఉన్నాయి. వాటిలో సమఘనానిది ఏదో తేల్చాలంటే, ప్రతి భ్రమణం ఏ నాలుగు వస్తువులను అటూ ఇటూ మారుస్తోందో వేలు పెట్టి చూపాలి. ముఖాలు ఆ పని చెయ్యలేవు. అవి ఆరు, వాటికి 720 ప్రస్తారాలు, అందులో 24 మాత్రమే తిప్పితే వచ్చేవి. ఎదురెదురు ముఖాల మధ్య నుంచి పోయే అక్షాలూ చెయ్యలేవు. అవి మూడే, వాటి చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే మూడూ ఎక్కడివక్కడే ఉంటాయి కనుక ఆ తిప్పడమే వాటికి కనబడదు. ఎక్కువా తక్కువా కాకుండా సరిగ్గా సరిపోయేవి నాలుగు కర్ణాలే.

ఒక చెక్క దిమ్మ తీసుకోండి. పై ముఖం మూలల్లో అంకెలు వేయండి: మీ వైపు ఎడమ మూల 1, మీ వైపు కుడి మూల 2, అవతల కుడి మూల 3, అవతల ఎడమ మూల 4. ఒక్కో మూల నుంచి దిమ్మ నడిమధ్య గుండా ఎదుటి మూలకు పోయే గీతే కర్ణం. కాబట్టి ఆ ఎదుటి మూలకూ అదే అంకె వేయండి. అప్పుడు 1 కింద 3, 2 కింద 4, 3 కింద 1, 4 కింద 2 పడతాయి. ఇప్పుడు ఏ ముఖం చూసినా నాలుగు అంకెలూ ఒక్కొక్కటి ఒక్కసారే కనిపిస్తాయి. ఒక కర్ణం రెండు కొసలూ ఎప్పుడూ ఒకే ముఖం మీదికి రావు కదా.

ఒక్కో ముఖాన్ని బయటి నుంచి చూస్తూ, 1తో మొదలుపెట్టి, గడియారం ముల్లు తిరిగే దిశలో చదవండి. పై ముఖం 1432, అడుగు ముఖం 1234. ముందు ముఖం 1243, వెనక ముఖం 1342. కుడి ముఖం 1423, ఎడమ ముఖం 1324. నాలుగు అంకెలను గుండ్రంగా పేర్చడానికి ఉన్న పద్ధతులే ఆరు. ఆ ఆరూ ఆరు ముఖాల మీద ఒక్కోటిగా వచ్చి కూర్చున్నాయి. ఒక్కటీ తప్పిపోలేదు, ఏదీ రెండోసారి రాలేదు. ఇంత చక్కటి సంగతి చూపించకుండా పిల్లలను ఎలా పంపించేస్తున్నామో నాకు అర్థం కాదు.

రుజువంతా ఇందులోనే ఉంది. పై ముఖం మూలల్లో అంకెలు ఏ వరసలో కావాలో మీరే కోరుకోండి. ఆ వరసను గుండ్రంగా చదివితే వచ్చే పేర్పు సరిగ్గా ఒక్క ముఖం మీదే ఉంటుంది. ఆ ముఖాన్ని పైకి తెచ్చి, నాలుగు తిప్పుల్లో సరైన తిప్పు తిప్పితే మీరు కోరిన వరస వచ్చేస్తుంది. ఏ ముఖం పైకి రావాలో, దాన్ని ఎంత తిప్పాలో తెలిస్తే భ్రమణం పూర్తిగా తెలిసిపోయినట్టే. కాబట్టి ఒక్కో ప్రస్తారానికి ఒక్కటే భ్రమణం. ఒక భ్రమణం తర్వాత ఇంకొకటి చేస్తే, కర్ణాల మార్పులు కూడా అదే వరసలో ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. అంటే గుణకారం కూడా పొసిగింది. ఐసోమార్ఫిజం అంటే ఇదే.

ఒక్క ఉదాహరణ చేసి చూద్దాం. 1, 2 మాత్రమే చోటు మారాలి, 3, 4 ఉన్నచోటే ఉండాలి. అంటే మీ వైపు ఎడమ మూలలో 2, కుడి మూలలో 1 రావాలి. పై నుంచి గుండ్రంగా చదివితే 2, 4, 3, 1. దాన్నే 1తో మొదలుపెడితే 1243, అంటే ముందు ముఖం. ముందు ముఖాన్ని పైకి లేపండి. 1, 2 అవతలి వైపుకు వెళ్లాయి. ఇక పై ముఖాన్ని సగం చుట్టు తిప్పండి, కోరిన వరస వచ్చింది. ఈ రెండు కదలికలనూ ఒకే భ్రమణంగా చూస్తే, అది 1, 2 మూలలను కలిపే అంచు మధ్యబిందువు నుంచి ఎదుటి అంచు మధ్యబిందువుకు పోయే అక్షం చుట్టూ 180 డిగ్రీలు తిప్పడం.

విద్యార్థులు తడబడేది సరిగ్గా ఇక్కడే. 3వ అంకె ఉన్న మూల కదిలింది కదా, కర్ణం కదల్లేదంటారేమిటని అడుగుతారు. మూల కదిలిన మాట నిజమే. 3వ కర్ణం ఈ అక్షానికి లంబంగా ఉంది కనుక, సగం చుట్టు తిరిగేసరికి దాని రెండు కొసలూ చోట్లు మార్చుకున్నాయి, గీత మాత్రం అదే గీత. 4వ కర్ణం సంగతీ అంతే. మూలలను కాదు, గీతలను లెక్కపెట్టాలి. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పకపోవడం వల్లే సగం క్లాసు దారి తప్పుతుంది.

మరి నాలుగు కర్ణాలూ ఒకేసారి కొసలు మార్చుకుంటే? అప్పుడు గీతలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, మూలలు మాత్రం అన్నీ ఎదుటి మూలలకు పోతాయి. అది కూడా భ్రమణమే అయితే రుజువు కూలిపోయేది. కానీ అది కుడిచేతి తొడుగును ఎడమచేతి తొడుగుగా మార్చే పని, దిమ్మను ఎంత తిప్పినా రాదు. అద్దపు ప్రతిబింబాలను కూడా కలుపుకుంటే సౌష్ఠవాలు 48 అవుతాయి. అప్పుడు ఒక్కో ప్రస్తారం రెండేసిసార్లు వస్తుంది, ఆ రెంటికీ తేడా కర్ణాలు చెప్పలేవు. వాటి హద్దు అది. భ్రమణాల వరకు మాత్రం వాటి మాటకు తిరుగులేదు.

గ్రూపు సిద్ధాంతం బోధించే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. 24, 24 అని రాసే ముందు ఒక చెక్క దిమ్మ తెచ్చి, దాని మూలల్లో నాలుగు అంకెలూ రెండేసిసార్లు వేయించండి. ఆరు ముఖాలనూ విద్యార్థుల చేతే చదివించండి. ఆ సిద్ధాంతానికి రుజువు ఆ నాలుగు గీతలే. వాటిని వదిలేసి చెప్పిన పాఠం రుజువు లేని పాఠమే.