ఉద్యోగి జకాత్ గోడలకు కాదు

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల ఉద్యోగులలో కొందరు నెలజీతంలో కొంత మసీదు నిర్మాణానికిచ్చి, జకాత్ తీరినదని భావిస్తున్నారు. మేము అంగీకరించము. జకాత్ జీతంపై గాక, నిసాబ్‌కు తగ్గక చాంద్రసంవత్సరాంతాన మిగిలిన సొమ్ముపై విధి. హనఫీ లెక్కలో నిసాబ్ సుమారు 612 గ్రాముల వెండి విలువ. బ్యాంకులో అయిదు లక్షలుండి, ఇప్పుడు చెల్లించవలసిన బాకీ లక్ష అయితే, మిగిలిన నాలుగు లక్షలపై రెండున్నర శాతం, అనగా 10,000 రూపాయలు.

ఇది ఎవరికి? తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది వర్గాలను పేర్కొన్నది. భవనం అందులో లేదు. సొమ్ము హక్కుదారునికి సొంతమైతేనే జకాత్ నెరవేరుతుందని హనఫీ ఫిఖ్హ్. అప్పులలో మునిగినవారు ఆ ఎనిమిదింటిలో ఒకరు. కొల్లేటి చేపలచెరువులలో కూలిచేస్తూ వడ్డీబాకీ తీర్చలేని ముస్లిం కుటుంబాన్ని విడిచి, ఆ పదివేలతో మినారుకు రంగువేయుట ఏ న్యాయం? మసీదుకు సదఖా ఇవ్వండి, ఎవరు కాదన్నారు?