హెచ్చరిక: మూడో తొట్టిలో హైపో పనిచేయడం లేదు

ఏప్రిల్‌లో కొన్న హైపో డబ్బా ఇంకా మీ వంటింటి వెనక రేకుల షెడ్డులోనే ఉంటే, దాన్ని నమ్మి రేపు పొద్దున ఎవరి ముందూ ప్లేటు పెట్టకండి. ముందు పరీక్షించండి.

జంషెడ్‌పూర్ ఎండాకాలం ఎలా ఉంటుందో ఇక్కడ బతికేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నీడలోనే 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకు కింద ఇంకా ఎక్కువ. హైపో అని మనం పిలిచే సోడియం హైపోక్లోరైట్ ఆ వేడికి నిలవదు. వేడి పది డిగ్రీలు పెరిగితే అది విరిగిపోయే వేగం సుమారు మూడు నాలుగు రెట్లవుతుంది. కొన్నప్పుడు 5 శాతం ఉన్న ద్రావణం జూన్ వచ్చేసరికి సగానికి పడిపోయి ఉండవచ్చు. చూపుకు తేడా తెలియదు. మూత తీస్తే ఘాటు అలాగే ఉంటుంది. డబ్బా మీద అంటించిన 5 శాతం అనే చీటీ కూడా అలాగే ఉంటుంది.

ఈ సంగతి ఇప్పుడే చెప్పడానికి కారణం వానలు. సువర్ణరేఖ, ఖర్‌కాయ్ బురదతో పొంగే రోజులివి. వాంతులు, విరేచనాలు, కామెర్లు ఎక్కువయ్యే కాలం కూడా ఇదే. సాక్చి, బిష్టుపూర్, కద్మా, సోనారి, మాంగో, ఎక్కడ చూసినా ఇడ్లీ, దోసె అమ్మే చిన్న హోటళ్లు, మెస్సులు, పెళ్లిళ్లకు వండిపెట్టే కేటరింగ్ వంటిళ్లు ఉన్నాయి. కంపెనీ పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన మనవాళ్లు నడుపుతున్నవీ అందులో చాలానే. వాళ్లలో కొందరు ఖర్చు పెట్టి, సబ్బుతో తోమడానికి ఒకటి, జాడించడానికి ఒకటి, హైపో నీళ్లలో ముంచడానికి ఒకటి, ఇలా మూడు తొట్ల స్టీలు సింకు పెట్టించుకున్నారు. మంచి పనే చేశారు. ఆ మూడో తొట్టిలో ఉన్నది మందో, వాసన నీళ్లో తేల్చుకోకపోతే మాత్రం ఆ ఖర్చంతా వృథా.

మామూలుగా జరిగేది చూద్దాం. మూడో తొట్టిలో 20 లీటర్ల నీళ్లు పట్టారనుకోండి. కడిగే కుర్రాడు డబ్బా మూతతో రెండు మూతల హైపో పోస్తాడు. మూతకు పది మిల్లీలీటర్లు పడితే మొత్తం 20. హైపో నిజంగా 5 శాతమే అయితే నీటిలో 50 పీపీఎం క్లోరిన్ ఉంటుంది, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు. కింది హద్దు అదే, ఫరవాలేదు. ఎండకు సగం చచ్చిన హైపో అయితే 25 పీపీఎం మాత్రమే. పైగా అది మొదటి ప్లేటు పడకముందు లెక్క. సరిగా జాడించని పది ప్లేట్లు సబ్బు నురగతో, సాంబారు జిడ్డుతో అందులో మునిగాక మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. క్లోరిన్‌కు క్రిమి అనీ పప్పుమెతుకు అనీ తేడా లేదు. ముందు ఏది తగిలితే దాని మీదే ఖర్చయిపోతుంది.

ముక్కును అస్సలు నమ్మకండి. తిండి తునకల్లోని మాంసకృత్తులతో కలిసినప్పుడు క్లోరిన్ క్లోరమైన్లుగా మారుతుంది. ఆ ఘాటు అసలు క్లోరిన్ వాసన కన్నా ఎక్కువగా గుప్పుమంటుంది. అంటే బలం తగ్గిన తొట్టే ఒక్కోసారి ఎక్కువ కంపు కొడుతుంది. “వాసన వస్తోంది కదా సార్, మందు బాగానే ఉంది” అని కుర్రాడు చెప్పేది అబద్ధం కాదు, అతనికి తెలిసింది అంతే.

తెలుసుకునే దారి ఒక్కటే, క్లోరిన్ టెస్ట్ స్ట్రిప్. వంటిళ్ల కోసం చేసినది 200 పీపీఎం దాకా చూపిస్తుంది. నీళ్లలో ముంచి తీయగానే, పెట్టె మీద చెప్పిన క్షణాల్లోనే, దాని మీది రంగులతో పోల్చాలి. క్లోరిన్ పెరిగిన కొద్దీ కాగితం ముదురు ఊదా రంగుకు తిరుగుతుంది. తాగునీళ్లు చూసే కిట్ ఉంది కదా అని దాన్ని ఇక్కడ వాడకండి. అది ఒకటి రెండు పీపీఎం కోసం చేసింది. అందులో డీపీడీ రకమైతే క్లోరిన్ మరీ ఎక్కువైనప్పుడు రంగే ఎగిరిపోయి సున్నా అన్నట్టు కనబడుతుంది. ఈత కొలనుల స్ట్రిప్పులూ ఈ పనికి చాలవు.

సరైన కొలత 20 లీటర్లకు 40 మిల్లీలీటర్లు, హైపో 5 శాతం ఉన్నప్పుడు. దాంతో 100 పీపీఎం వస్తుంది. మూతలతో వద్దు, మందు సీసాలతో వచ్చే కొలత గ్లాసు ఒకటి ఆ పనికే కేటాయించి తొట్టి పక్కన కట్టేయండి. తొట్టి లోపల 20 లీటర్ల మట్టం దగ్గర గీత పెట్టండి. పోసి, కలిపి, స్ట్రిప్ ముంచండి. 100 చూపిస్తే డబ్బా బాగుంది. 50 దగ్గరే ఆగితే ఇంకో 40 పోసి మళ్లీ చూడండి, ఈ రోజుకు గడుస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ డబ్బా పారబోయాల్సిందే. కొత్తది కొనేటప్పుడు చవకగా వస్తుందని పెద్ద డ్రమ్ము తీసుకోకండి. రెండు మూడు వారాల్లో అయిపోయే ఐదు లీటర్ల క్యాను, అదీ వాసన కలపనిది తీసుకుని, కొన్న తేదీ రాసి, పొయ్యికీ ఎండకూ దూరంగా పెట్టండి. బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్లకు 30 శాతం పొడి ఏడు గ్రాములు సరిపోతుంది. మగ్గు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే పోయాలి. చెమ్మ తగిలి గడ్డ కట్టిన పొడికి ఆ లెక్క పనికిరాదు.

ఎక్కువ పోస్తే ఇంకా మంచిదన్న ఆలోచన కూడా ప్రమాదమే. 200 పీపీఎం దాటితే కడగకుండా ఆ ప్లేటులో తినకూడదు. స్టీలుకు గుంటలు పడతాయి, అల్యూమినియం నల్లబడుతుంది, కుర్రాడి చేతులు పగులుతాయి. బాత్రూము కడిగే యాసిడ్‌ను హైపో ఉన్న గదిలోనే ఉంచకండి. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ విషవాయువు. కిటికీ లేని చిన్న వంటింట్లో అది మనిషిని పడేస్తుంది.

ఇక వేడి. చిన్న హోటళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. వేడినీళ్లు కావాల్సింది మొదటి తొట్టిలో. డాల్డా, నెయ్యి, కొబ్బరి చట్నీ నూనె పంపు నీళ్లకు వదలవు. సబ్బునీళ్లు కనీసం 43 డిగ్రీలు ఉండాలని అమెరికా ఫుడ్ కోడ్ చెబుతుంది. చెయ్యి పెడితే బాగా వెచ్చగా, కానీ ఓర్చుకోగలిగేట్టు ఉంటుంది. అరగంటకు ఆ వేడి పోతుంది, పైన జిడ్డు తెట్టు కడుతుంది. అప్పుడు నీళ్లు మార్చాలి, సబ్బు కలపడం కాదు. దీనికి బదులు చాలామంది టీ పొయ్యి మీద మరిగే నీళ్లు తెచ్చి మూడో తొట్టిలో పోస్తారు. హైపో ఉన్న నీళ్లలో మరిగే నీళ్లు పోస్తే క్లోరిన్ గాలిలోకి ఎగిరిపోతుంది, దాన్ని పీల్చేది మీ మనిషే. మూడో తొట్టికి 24 డిగ్రీలు దాటితే చాలు, వానాకాలంలో పంపు నీళ్లు దాదాపు అలాగే ఉంటాయి. జనవరి తెల్లవారుజామున ఇక్కడ చలి పది డిగ్రీల దాకా దిగుతుంది. అప్పుడు మాత్రం కాస్త వెచ్చని నీళ్లు కలుపుకోవాలి. చల్లటి నీళ్లలో మందు మెల్లగా పనిచేస్తుంది.

రెండో తొట్టిని దాటవేయడమే మూడో తొట్టిని ఎక్కువగా చంపుతోంది. సబ్బు క్షారం. నీళ్లు క్షారమైన కొద్దీ క్లోరిన్‌లో క్రిములను చంపే భాగం తగ్గిపోతుంది. పీహెచ్ 7.5 దగ్గర సగం ఉంటుంది, 8.5 దగ్గరికి పోతే పదో వంతు. స్ట్రిప్ మాత్రం మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది. అందుకని మధ్య తొట్టిలో నిలవ నీళ్లు కాకుండా పంపు తిప్పి, పారే నీళ్లలో జారుడు పోయేదాకా జాడించాలి. నీళ్లు ట్యాంకరుతో తెచ్చుకునే చోట ఇది కష్టమేనని తెలుసు. అలాంటప్పుడు నిలవ నీళ్లనే వాడినా, నురగ కనబడగానే మార్చేయండి. మూడో తొట్టిలో ప్లేటు పూర్తిగా మునగాలి, ఒకదానికొకటి అతుక్కోకూడదు. కనీసం 30 సెకన్లు, నిమిషం ఉంచితే మరీ మంచిది. తీశాక పంపు కింద మళ్లీ కడగకండి. 200 లోపు ఉన్నంతవరకు ఆ అవసరం లేదు. తొట్టిలో పట్టని పెద్ద డేగిసాను తోమి, జాడించి, అదే బలం ఉన్న హైపో నీళ్లు లోపలంతా తడిసేట్టు పోసి తిప్పితే సరిపోతుంది.

ఇంత చేసి చివర గంఛాతో తుడిస్తే మొదటికొస్తుంది. భుజం మీది గంఛా, టేబుల్ తుడిచిన గుడ్డ, చెమట తుడుచుకున్న గుడ్డ, రద్దీలో అన్నీ ఒకటే. ఉతికిన గుడ్డ అయినా నాలుగో ప్లేటుకు తడిసి, గంటకు క్రిములకు ఇల్లవుతుంది. ప్లేట్లు గాలికే ఆరాలి. వానల్లో గాలిలోనే చెమ్మ ఎక్కువ, త్వరగా ఆరవని నాకూ తెలుసు. అసలు చిక్కు ప్లేట్లు చాలకపోవడం. నలభై ప్లేట్లతో రద్దీ నడిపేవాడు తడి ప్లేటు ఇవ్వక తప్పదు, తుడవకా తప్పదు. ఇంకో నలభై కొనండి. నేలకు ఎత్తుగా స్టీలు కమ్మీల స్టాండు పెట్టి, ప్లేట్లు ఏటవాలుగా, గ్లాసులు బోర్లించి, ఒకదానికొకటి తగలకుండా నిలపండి. మొదటి తొట్టి చిమ్మిన నీళ్లు అక్కడికి పడకూడదు. ఆరకముందే గ్లాసులు ఒకదాంట్లో ఒకటి దూర్చకండి. పొద్దున వాటిని విడదీసినప్పుడు మధ్యలో నీటి వలయం కనబడితే రాత్రంతా అవి తడిగానే ఉన్నాయన్నమాట.

ఏది ముందు చూడాలో చెబుతాను. ఇడ్లీ రేకులు రోజూ ఆవిరిలో ఉడుకుతాయి, వాటి గురించి కంగారు అక్కర్లేదు. మంచినీళ్ల గ్లాసులు, చట్నీ గిన్నెలు, చెంచాలు, ప్లేట్ల అంచులు చూడండి. పెదవి తగిలేవి అవే, హడావుడిలో ఒక్క ముంచుతో బయటపడేవీ అవే.

ఈ మూడు తొట్లు ఆపలేనిది కూడా ఒకటుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, వాంతులు తెచ్చే నోరోవైరస్ 100 పీపీఎంలో అర నిమిషానికి నమ్మకంగా చావవు. వాంతులో, విరేచనాలో, కళ్లు పచ్చబడటమో ఉన్న మనిషిని సామాన్ల దగ్గరా పొయ్యి దగ్గరా నిలబెట్టకండి. వాంతులు, విరేచనాలు తగ్గాక ఇంకో రెండు రోజులు ఆగాలి, కామెర్లయితే డాక్టరు చెప్పేదాకా. రోజు కూలీ పోతుందన్న భయంతోనే వాళ్లు జబ్బు దాచిపెడతారు. ఆ రోజుల కూలీ మీరు ఇస్తానని ఈ రోజే చెప్పండి.