ఫోను లాక్కునే ముందు కారణం వెతకాలి

పద్నాలుగేళ్ల కుర్రవాడు అర్ధరాత్రి దాకా ఫోనులో ఆటలాడుతుంటే చాలా ఇళ్లలో తెలిసిన మందులు రెండే: తిట్టడం, ఫోను లాక్కోవడం. ఈ రెండూ నాలుగు రోజులకు మించి పనిచేయడం లేదు.

ఉదాహరణకు ఒక కుర్రవాడి సంగతి తీసుకుందాం. ఏడో తరగతి దాకా ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివి, ఎనిమిదిలో పట్నంలోని ఇంగ్లీషు మీడియం బడిలో చేరాడు. తొమ్మిదికి వచ్చేసరికి రోజుకు ఐదు గంటలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆటే. తండ్రి రెండుసార్లు ఫోను దాచాడు. కుర్రవాడు అన్నం మానేశాడు. ఆపై పక్కవాడి ఫోనులో ఆడాడు.

చివరకు తల్లి కొడుకుకు చెప్పే ఒక పని చేసింది. వారం రోజులు ఏమీ అనకుండా, పాలపద్దు పుస్తకంలో మూడు సంగతులు రాసింది: ఆట ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం జరిగింది, ఎవరితో ఆడాడు. ఎంతసేపు ఆడిందీ ఫోను సెట్టింగుల్లో Digital Wellbeing అనే చోట చూసింది.

వారం తిరిగేసరికి సంగతి తేటపడింది. మర్నాడు లెక్కలు, సైన్సు ఉన్న రాత్రులే ఆట ఎక్కువ. ఆడే జట్టంతా పాత బడి స్నేహితులే. మేనమామ ఊరికి వెళ్లిన ఆదివారం మాత్రం పిల్లలతో చెరువుగట్టున తిరుగుతూ ఫోను ఊసే ఎత్తలేదు. అంటే పాఠం అర్థం కాదు, కొత్త బడిలో తోడు లేదు. ఫోను లాక్కుంటే ఉన్న స్నేహితులు కూడా పోతున్నారు. కోపమంతా అందుకే.

"ఎందుకాడుతున్నావురా?" అని నిలదీస్తే పిల్లలు నోరు విప్పరు. పొలానికి వెళ్తూ "బడిలో ఏ పీరియడు కష్టంగా ఉంది నాయనా?" అంటే చెబుతారు. ఆ తల్లిదండ్రులు మాస్టారిని కలిసి, రోజూ అరగంట పాఠం తెలుగులో చెప్పించారు. ఆటకు సాయంత్రం గంట విడిచి, రాత్రి తొమ్మిదికి తండ్రి ఫోనుతో సహా అన్నీ అలమరలో పెట్టారు. ఆట మానలేదు గాని, రెండు నెలల్లో అదుపులోకి వచ్చింది.

అందరికీ కారణం ఇదే కానక్కర్లేదు. నల్లబల్ల కనిపించకపోవడం, తోటివారి వేధింపు, ఇంట్లో తగవులు కూడా కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనం ఉన్నా, అదుపు తప్పి, చదువు, నిద్ర చెడినా ఆపలేక, సాధారణంగా ఏడాది పాటు సాగితేనే దానికా పేరు. అయితే పిల్లవాడు ఇష్టమైన వాటిపై కూడా ఆసక్తి పోయి రెండు వారాలుగా దిగులుగా ఉన్నా, చావు మాట ఎత్తినా ఆగరాదు. వెంటనే వైద్యుడికి చూపాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

బడులకూ ఇందులో బాధ్యత ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు పాఠం అందుతున్నదీ లేనిదీ ప్రధానోపాధ్యాయులు మొదటి మూడు నెలల్లోనే విచారించి, తల్లిదండ్రులకు తెలపాలి.