నెలనెలా పడే ఆ వడ్డీ ఎక్కడికి పోతోంది?

బీటెక్ అయ్యాక, ఉద్యోగ ప్రయత్నాలకి హైదరాబాద్ బయల్దేరే ముందు నాన్నతో కలిసి కొత్తపేటలో బ్యాంకుకి వెళ్లాను. మా వాటాకొచ్చిన కొబ్బరితోట ముక్క అమ్మగా చేతికందిన 5 లక్షలు ఐదేళ్లకి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కౌంటర్లో అడిగింది ఒక్కటే ప్రశ్న. "వడ్డీ నెలనెలా కావాలాండి, చివర్లో ఒకేసారా?" నాన్న పెద్దగా ఆలోచించలేదు. "నెలనెలా ఏసేయండి. కుర్రోడు హైదరాబాదులో ఉంటాడు కదా, హాస్టల్‌కి పనికొస్తది" అన్నారు.

ఏడాది తిరిగేసరికి నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచి డబ్బులు పంపడం ఆగింది. వడ్డీ మాత్రం నెలనెలా నాన్న సేవింగ్స్ ఖాతాలో పడుతూనే ఉంది. దాన్ని అక్కడి నుంచి కదపాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఇంజినీరింగ్ లెక్కలు చేసిన నాతో సహా.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఎఫ్‌డీ ఒకటి ఉండే ఉంటుంది. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బో, గల్ఫ్ నుంచి అమ్మ పంపిందో, పొలం అమ్మిందో. ఆ ఫారం నింపేది చాలా ఇళ్లలో చదువుకున్న మీరే. క్యుములేటివ్ అని టిక్ పెట్టాలా, నెలవారీ వడ్డీ అని పెట్టాలా? ఎవరినడిగినా "క్యుములేటివే లాభం" అంటారు. ఆ మాటలో సగమే నిజం ఉందని నా అభిప్రాయం. మిగతా సగం లెక్క వేస్తే తెలుస్తుంది.

లెక్క సులువుగా ఉండడానికి రేటు 7 శాతం అనుకుందాం. ఇవాళ మీ బ్యాంకులో ఇంతకన్నా తక్కువే ఉండొచ్చు. రేటు మారితే రూపాయలు మారతాయి, విషయం మారదు. క్యుములేటివ్ ఎఫ్‌డీలో బ్యాంకులు మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి. తర్వాతి మూడు నెలలు ఆ వడ్డీ మీద కూడా వడ్డీ వస్తుంది. ఐదేళ్లలో ఇలా 20 సార్లు కలుస్తుంది. నెలవారీ ఎఫ్‌డీలో అసలు 5 లక్షలు అలాగే ఉండి, వడ్డీ బయటికి వస్తుంది. 7 శాతాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకి 2,917 రావాలి కదా? కానీ చేతికొచ్చేది సుమారు 2,900. మూడు నెలలకి ఇవ్వాల్సిన వడ్డీని ముందే ఇస్తున్నాం కాబట్టి బ్యాంకు ఆ మేరకు కాస్త తగ్గిస్తుంది. మోసమేమీ కాదు, పద్ధతే అంత. స్ప్రెడ్‌షీట్‌లో మీరే చూసుకోవచ్చు:

```
=500000*(1+7%/4)^20
=500000*((1+7%/4)^(1/3)-1)
```

మొదటి వరుస క్యుములేటివ్‌లో ఐదేళ్ల తర్వాత వచ్చే మొత్తం: దాదాపు 7,07,400. అంటే వడ్డీ 2,07,400. రెండో వరుస నెల వడ్డీ: 2,900. దాన్ని అరవై నెలలకి కలిపితే 1,74,000. తేడా 33,400 రూపాయలు. "క్యుములేటివే లాభం" అనేవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు.

ఇప్పుడు మిగతా సగం. ఆ 2,900 రాగానే ప్రతి నెలా 7 శాతానికే రికరింగ్ డిపాజిట్‌లో వేశారనుకోండి. ఐదేళ్ల చివర ఆ ఆర్‌డీలో ఉండేది ఎంతో తెలుసా? దాదాపు అదే 2,07,400. అంటే క్యుములేటివ్ ఎఫ్‌డీకి బ్యాంకు అదనంగా ఇచ్చేదేమీ లేదు. మీరు తీసుకోని వడ్డీని మీ తరఫున తిరిగి డిపాజిట్ చేసి పెడుతోంది, అంతే. అదే 2,900 సేవింగ్స్ ఖాతాలో పడి ఉంటే? స్టేట్ బ్యాంకులో 2025 జూన్ నుంచి సేవింగ్స్ వడ్డీ 2.5 శాతం. ఆ లెక్కన ఐదేళ్లకి అయ్యేది 1,85,000 చిల్లర. దాదాపు 22,000 తేడా. కాబట్టి ఏ ఎఫ్‌డీ మంచిది అన్న ప్రశ్న కంటే, నెలనెలా పడే ఆ 2,900 ఎక్కడికి పోతోంది అన్నదే అసలు ప్రశ్న.

మా ఇంటి సంగతికి వద్దాం. మొదటి పన్నెండు నెలలు ఆ డబ్బు నా హాస్టల్‌కి పోయింది. దాన్ని నష్టం అనను. అప్పుడు క్యుములేటివ్ వేసి ఉంటే, నాన్న నా ఖర్చుకి ఎక్కడో చేబదులు తేవాల్సి వచ్చేది. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు మాటే. అంటే ఏడాదికి 24 శాతం. నెలకి 2,900 చొప్పున ఏడాది పాటు అలా అప్పు తెస్తే, ఏడాది చివరికి వడ్డీయే 3,800 దాటుతుంది. అదే ఏడాదిలో క్యుములేటివ్ వల్ల మాకు అదనంగా మిగిలేది సుమారు 1,130. ఇంట్లో ఎఫ్‌డీ పెరుగుతుంటే బయట రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయడం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు.

తప్పు జరిగింది ఆ తర్వాత. మిగిలిన 48 నెలల వడ్డీని ఆర్‌డీకి మళ్లించి ఉంటే, అదే 7 శాతం రేటుకి సుమారు 1,60,000 అయ్యేది. 2.5 శాతం సేవింగ్స్‌లో వదిలేస్తే 1,46,000 దగ్గర ఆగుతుంది. ఇక్కడ పోయింది దాదాపు 14,000. అదీ ఆ డబ్బు ఖాతాలో కదలకుండా ఉంటేనే. మా ఇంట్లో అలా ఏమీ లేదు. ఏటీఎంలో కనిపించే డబ్బు ఏదో ఒక ఖర్చుకి పోతూనే ఉంటుంది. నెలవారీ వడ్డీ అసలు బలహీనత ఇదే.

క్యుములేటివ్ వైపు ఇంకో న్యాయమైన వాదన కూడా ఉంది. ఎఫ్‌డీ వేసిన రోజున్న రేటే, తర్వాత కలిసే వడ్డీకి కూడా ఐదేళ్లూ వర్తిస్తుంది. నెల వడ్డీని మీరు మధ్యలో ఎప్పుడో ఆర్‌డీ వేస్తే ఆ రోజు రేటే దక్కుతుంది. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 6.5 శాతం నుంచి 5.25కి దించింది, దాని వెంట డిపాజిట్ రేట్లూ తగ్గాయి. ఇలా రేట్లు పడిపోయే కాలంలో క్యుములేటివ్‌దే పైచేయి. పెరిగే కాలంలో కథ తిరగబడుతుంది.

మధ్యలో ఎఫ్‌డీ తీసేయాల్సి వస్తే ఏమవుతుందో కూడా ముందే తెలుసుకోండి. చాలామంది కౌంటర్ దగ్గర గొడవపడేది ఇక్కడే. ఏడాదికే రద్దు చేశారు, అప్పటి ఏడాది రేటు నుంచి జరిమానా పోను 5.5 శాతమే దక్కిందనుకుందాం. నెలవారీలో అప్పటికే 7 శాతం లెక్కన 34,800 తీసుకున్నారు. రావాల్సింది 27,400 మాత్రమే. ఆ ఎక్కువ 7,400ని బ్యాంకు అసలులోంచి పట్టుకుంటుంది. చేతికి 4,92,600 వస్తుంది. "మా అసలే తగ్గించేశారు" అనిపిస్తుంది కానీ, ఆ తేడా ముందే మీ చేతికొచ్చింది. క్యుములేటివ్‌లోనూ నష్టం ఉంటుంది, కాకపోతే పెరగాల్సినంత పెరగదు కానీ అసలు తగ్గినట్టు కనపడదు.

ఇక పన్ను. క్యుములేటివ్‌లో డబ్బు ఐదేళ్ల తర్వాతే కదా వచ్చేది, పన్ను కూడా అప్పుడే అనుకోవద్దు. బ్యాంకు ఏటా జమైన వడ్డీని చూసి టీడీఎస్ లెక్కిస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితే, 60 ఏళ్లు నిండినవారికి లక్ష దాటితే, 10 శాతం కోస్తారు. మన 5 లక్షల ఎఫ్‌డీలో ఐదో ఏట కూడా వడ్డీ 47,400 దగ్గరే, కాబట్టి ఇబ్బంది లేదు. అదే బ్యాంకులో అదే పేరు మీద ఇంకో డిపాజిట్ ఉంటే మాత్రం దాటొచ్చు. అప్పుడు క్యుములేటివ్‌లో ఆ పన్ను పెరుగుతున్న డబ్బులోంచే పోతుంది, చివర్లో రసీదు మీద రాసినంత రాదు. ఇంట్లోవాళ్లు పన్ను పరిధిలోకి రాకపోతే, ఆ సంగతి చెప్పే డిక్లరేషన్ ఏటా బ్యాంకుకి ఇవ్వాలి. ఇది మీరు గుర్తుపెట్టుకుని చేయించాల్సిన పని.

ఇంతకీ నేనైతే ఏం చేస్తాను? ఇప్పుడు మా నాన్న మళ్లీ అదే కౌంటర్ దగ్గర నిలబడితే, నెలవారీ ఎఫ్‌డీ ఐదేళ్లకి వేయొద్దంటాను. నా ఉద్యోగ వేట ఎన్నాళ్లు అనుకుంటే అన్నాళ్లకే, అంటే ఏడాదికే వేయమంటాను. గడువు తీరాక అదే డబ్బు క్యుములేటివ్‌లోకి. అప్పటి రేటు తక్కువుండొచ్చు, అది ఒప్పుకోవాల్సిన రిస్కు. నెలకి 1,160 చాలు అనుకుంటే 2 లక్షలు నెలవారీకి, 3 లక్షలు క్యుములేటివ్‌కి, రెండు విడివిడి రసీదులుగా. మధ్యలో ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారాలంటే మామూలుగా ఎఫ్‌డీని రద్దు చేసి మళ్లీ వేయాల్సిందే కాబట్టి ఈ విభజన మొదటి రోజే జరగాలి. ఇంకో జాగ్రత్త: ఆటో రెన్యువల్ పెడితే గడువు తీరాక పాత పద్ధతిలోనే మళ్లీ మొదలవుతుంది. గడువు తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఇప్పటికే వేసిన ఎఫ్‌డీ ఏ రకమో తెలియకపోతే రసీదు చూడండి. మెచ్యూరిటీ మొత్తం అసలుకి సమానంగా ఉంటే వడ్డీ బయటికి వస్తున్నట్టు. ఎక్కువుంటే క్యుములేటివ్. స్టేట్ బ్యాంకులో అయితే వడ్డీ బయటికి వచ్చేదానికి TDR, క్యుములేటివ్‌కి STDR అని ఉంటుంది. నెలవారీ అని తేలితే పాస్‌బుక్ తెరిచి ఆరు నెలల ఎంట్రీలు చూడండి. వడ్డీ పడిన వారంలోనే ఇంటి అవసరానికి పోతోందా, పోనివ్వండి, అది దాని పని చేస్తోంది. పోకుండా అక్కడే మూలుగుతోందా, అదే తేదీకి ఆర్‌డీ పెట్టి ఖాతాలోంచి దానంతటదే వెళ్లేలా బ్యాంకుకి రాసివ్వండి. మా నాన్నతో ఆ సంతకం పెట్టించడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నాలుగేళ్లు ఆలస్యంగా.