పిప్ కాగితం మేనేజర్‌ను కూడా కట్టేయాలి

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఫలానా వాళ్లను ‘పిప్‌లో పెట్టారు’ అని తెలిస్తే చాలు, తోటివాళ్లు ఆ సీటు ఖాళీ అయినట్టే లెక్కేస్తారు. పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్ అనేది ఇంటికి పంపేముందు హెచ్‌ఆర్ తయారుచేసుకునే సాక్ష్యమనీ, అందులో ఏం రాసినా ఫలితం ముందే తేలిపోయిందనీ ఉద్యోగుల నమ్మకం. మేనేజర్లలో చాలామందిదీ లోలోపల ఇదే నమ్మకం. కాబట్టి న్యాయంగా ఉండడమంటే భాష మెత్తగా ఉండడమేనని అనుకుంటారు. ‘మీ ఎదుగుదల కోసమే’ అని మొదలుపెట్టి ‘ఓనర్‌షిప్ తీసుకోవాలి, కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని ముగిస్తారు. ఈ రెండు నమ్మకాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. కాగితం ఉద్యోగిని మాత్రమే కట్టేస్తుందని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. రాసిన మేనేజర్‌ను కూడా కట్టేసే కాగితమైతే దాని ఫలితం ముందే తేలదు. ఉద్యోగి గెలిచినప్పుడు, గెలవలేదని మేనేజర్ అనలేని విధంగా రాసిందే న్యాయమైన పిప్.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మాదాపూర్‌లో ఓ సపోర్ట్ ఇంజినీర్ ఎనిమిది వారాల్లో 40 టికెట్లు మూశాడు. వాటిలో 14 మళ్లీ తెరుచుకున్నాయి. ‘నాణ్యత లేదు’ అని మేనేజర్ తీర్పు చెప్పేశాడు. కానీ పిప్ రాయకముందే చేయాల్సిన పని ఒకటుంది: ఆ 14 టికెట్లనూ ఒక్కొక్కటిగా తెరిచి చూడడం. మూడింటిలో కస్టమర్ కొత్త కోరిక కోరాడు. రెండింటిలో తప్పు మరో టీమ్ ఇచ్చిన రిలీజ్‌ది. మిగిలిన తొమ్మిదిలో మాత్రం పరిష్కారాన్ని కస్టమర్ సెటప్‌లాంటి చోట పరీక్షించకుండానే టికెట్ మూసేశాడు. ఇలాగే లెక్కేస్తే టీమ్‌లో మిగతావాళ్లకు 40కి నాలుగు వస్తున్నాయనుకుందాం. ఇప్పుడు లోపం ఏమిటో తెలిసింది, ఎంతో తెలిసింది. ‘నాణ్యత’ అన్న పెద్దమాట పోయి ‘పరీక్షించకుండా మూయడం’ అనే దిద్దుకోగల పని మిగిలింది. ఈ లెక్క చేయలేని మేనేజర్ చేతిలో ఉన్నది చిరాకు మాత్రమే, దానికి పిప్ రాయకూడదు. అమెరికా ప్రభుత్వోద్యోగాల విషయంలో ఇది చట్టం దాకా వెళ్లింది. నాసా ఉద్యోగి కేసులో 2021లో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, పని బాగోలేదని పిప్ ఆధారంగా తొలగించాలంటే పిప్‌కు ముందు కూడా పని బాగోలేదని చూపాల్సిందేనంది. పిప్‌లో ఫెయిలయ్యాడన్న ఒక్క ముక్క చాలదన్నమాట.

ఇక లక్ష్యం. స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం పెడితే ‘నీ శక్తికొద్దీ చెయ్యి’ అన్నదానికంటే పని బాగా సాగుతుందని ఎడ్విన్ లాక్ 1968లోనే వాదించాడు. తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరిచాయి. కానీ దానికో మినహాయింపుంది, దాన్ని పిప్ రాసేవాళ్లు పట్టించుకోరు. పని ఇంకా నేర్చుకుంటున్న దశలో ఫలితపు అంకె నెత్తిన పెడితే మనసు అంకె మీదకు పోయి నేర్చుకోవడం దెబ్బతింటుందని 1989లో కాన్ఫర్, ఆకర్‌మన్ విమానాల రాకపోకల నియంత్రణను పోలిన పని మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. అందుకని మన ఇంజినీర్‌కు మొదటి నాలుగు వారాలు ఫలితపు అంకె వద్దు. మూసిన ప్రతి టికెట్‌కూ టెస్ట్ లాగ్, కస్టమర్ ఒప్పుకోలు జతచేయాలి, అంతే. అంకె తర్వాతి నాలుగు వారాలకు.

అంకె ఎంత? వారానికి ఐదు టికెట్ల చొప్పున ఆ నాలుగు వారాల్లో 20 మూస్తాడు. టీమ్ స్థాయి ప్రకారం రెండు తిరిగిరావచ్చు కాబట్టి ‘రెండుకు మించకూడదు’ అని రాయడం సహజంగా తోస్తుంది. అక్కడే అన్యాయం దూరుతుంది. నిజంగా టీమ్ స్థాయిలో పనిచేసే మనిషి కూడా, అదృష్టం అటూఇటూ అవడం వల్ల, ఇంచుమించు మూడింట ఒకసారి ఆ గీత దాటేస్తాడు. మూడు దాకా ఒప్పుకుంటే ఆ ప్రమాదం ఏడెనిమిదింట ఒకటికి తగ్గుతుంది. వారంవారం తీర్పు చెబితే ఇంకా ఘోరం. ఐదు టికెట్లలో ఒక్కటి తిరిగొచ్చినా ‘ఇరవై శాతం’ అని ఎర్రగీత పడుతుంది. వారం రివ్యూ కారణాలు మాట్లాడుకోవడానికి, తీర్పుకు కాదు. మూసిన టికెట్ తిరిగి తెరుచుకోవడానికి రోజులు పడతాయి గనక, చివరి రివ్యూ ఎనిమిదో వారాంతంలో పెడితే ఆఖరి టికెట్ల సంగతి తేలకుండానే తీర్పొస్తుంది. పదో వారంలో పెట్టాలి. తిరిగొచ్చింది ఎవరి తప్పన్నది మేనేజర్ ఒక్కడే తేల్చకుండా, టీమ్ బయటి సీనియర్ ఒకరు చూడాలి. టికెట్లు వంతులవారీగా పంచాలి. లేకపోతే కష్టమైనవన్నీ అతనికే పడవచ్చు, లేదా అతనే తేలికవి ఏరుకోవచ్చు.

మేనేజర్‌ను కట్టేసే ముడి అసలు ఉండేది సాయం దగ్గర. ‘కావలసిన సహకారం అందిస్తాం’ అన్న వాక్యానికి ఏ విలువా లేదు. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నది రాయాలి: ఫలానా సీనియర్ మంగళ, గురువారాల్లో గంట చొప్పున అతని టికెట్లు కలిసి చూస్తారు, కస్టమర్ సెటప్‌లాంటి టెస్ట్ సర్వర్‌కు యాక్సెస్ మొదటి సోమవారానికి ఇస్తారు. దాని కిందే మరో వాక్యం: యాక్సెస్ ఆలస్యమైతే, సీనియర్ సెషన్లు తప్పితే, అన్ని రోజులూ గడువుకు కలుస్తాయి. మేనేజర్ సెలవులో ఉంటే రివ్యూ వాయిదా పడదు, పేరు రాసిన మరొకరు చేస్తారు. మాట్లాడుకున్నది రెండు రోజుల్లో మెయిల్‌లో వస్తుంది, ఉద్యోగి తన మాట దాని కింద చేరుస్తాడు. ఈ వాక్యాలు రాయడానికి హెచ్‌ఆర్ వెనకాడుతుంది, రేపు కోర్టులో తమకే ఎదురు తిరుగుతాయని. తిరగాలనే రాయడం. సాయం అందిందని రుజువు చేసే కాగితం సంస్థను కూడా కాపాడుతుంది. అందనప్పుడు కాపాడదంటే, కాపాడకపోవడమే సబబు.

అన్ని పనులూ టికెట్లలా లెక్కకు రావన్నది గట్టి అభ్యంతరమే. డిజైన్ చేసేవారికీ, క్లయింట్‌తో మాట్లాడేవారికీ అంకె అతకదు. కానీ అంకె లేనంతమాత్రాన ఆనవాలు లేకుండా పోదు. ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అనే బదులు ‘గడువు జారేట్టుంటే రెండు రోజుల ముందే క్లయింట్‌కు కారణంతో, కొత్త తేదీతో రాయాలి’ అనవచ్చు. జరిగిందా లేదా అన్నది మేనేజర్ మీద కోపం ఉన్నవాడైనా, అభిమానం ఉన్నవాడైనా ఒకేలా చెప్పగలడు. అలా చెప్పలేని ఫిర్యాదు పిప్‌లోకి రాకూడదు. స్వభావం మీద ఫిర్యాదులు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి, రాలనివ్వండి.

ఇంత శ్రమకు టైమెక్కడిది అంటారు. రివ్యూలకు వారానికి గంట, సీనియర్‌కు రెండు గంటలు. కొత్తమనిషిని వెతికి, చేర్చుకుని, పని నేర్పడానికి పోయే వారాలతో పోలిస్తే ఇది పెద్ద ఖర్చు కాదు. అసలు అభ్యంతరం వేరే ఉంటుంది, పైకి అనరు: పంపేద్దామని ఇప్పటికే తీర్మానించుకున్నాక ఇదంతా ఎందుకని. నిజమే, అప్పుడు ఇదంతా వద్దు. పది వారాలపాటు ఆ మనిషి చేత దొంగ పరీక్ష రాయించే కంటే, కారణం చెప్పి, నోటీసు కాలపు జీతం, దానిపైన మరికొంత ఇచ్చి, కొత్త ఉద్యోగం వెతుక్కునేందుకు వ్యవధినిచ్చి పంపడం మర్యాద. ఆ డబ్బు ఇవ్వడం ఇష్టంలేక పిప్ పెట్టేవాళ్లున్నారు. పిప్‌కు చెడ్డపేరు తెచ్చింది వాళ్లే.