రిటర్న్ గడువు లెక్క 'డెలివర్డ్' మెయిల్ నుంచే!

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పార్సిల్ టౌన్‌లో తెలిసిన షాపులోనే ఆగుతుంది. మొన్న ఇయర్‌బడ్స్‌కి 'డెలివర్డ్' మెయిల్ 9న వచ్చింది, చేతికి అందింది మాత్రం 12న. రిటర్న్‌కి 7 రోజులు కదా, 19 దాకా టైముందనుకున్నా. లెక్క 9 నుంచే మొదలైంది, 16తో గడువు అయిపోయింది. ఒక బడ్ మూగబోయిందని 17న అడిగితే కుదరదన్నారు.

అందుకే ఆర్డర్ తేదీలు మాత్రమే రాసుకునే ట్రాకర్ దండగని నా అభిప్రాయం. ఆర్డర్ మెయిల్ రాగానే గూగుల్ షీట్‌లో A కింద వస్తువు పేరు, C కింద ఆర్డర్ పేజీలో చూపించిన రిటర్న్ రోజులు వేయండి. వారానికోసారి జీమెయిల్‌లో ఇలా వెతకండి:

```
subject:delivered newer_than:8d
```

దొరికిన మెయిల్ తేదీని B కింద వేయండి. D కింద ఇది పెట్టండి:

```
=IF(B2="","రావాలి",B2+C2)
```

D కాలమ్‌కి డేట్ ఫార్మాట్ పెట్టడం మర్చిపోవద్దు. 'రావాలి' అని కనిపిస్తే పార్సిల్ ఇంకా దారిలో ఉన్నట్టు. తేదీ కనిపించిందా, వస్తువు చేతికి రాకపోయినా గడువు కరుగుతున్నట్టే. ఆ రోజే షాపుకి వెళ్లి తెచ్చుకోండి, వెంటనే ఆన్ చేసి చూడండి.