రీబటన్ లాభమెప్పుడు?

హుమ్మ ఉప్పుమళ్ల నుంచి బస్తాలెత్తుకుని 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కే లారీల యజమానికి డీజిల్ ఖర్చు రోజూ కనిపిస్తుంది. టైరు ఖర్చు కనిపించదు. టైరు ధరను అది నడిచిన కిలోమీటర్లతో భాగిస్తేనే ఆ ఖర్చు బయటపడుతుంది.

20,000 రూపాయల కొత్త టైరు 80,000 కిలోమీటర్లు నడిచిందనుకుందాం. కిలోమీటరుకు 25 పైసలు. అరిగిన ఆ టైరుకే 6,000 రూపాయలతో రీట్రేడింగ్, అంటే డ్రైవర్ల మాటలో రీబటన్, చేయిస్తే అది 24,000 కిలోమీటర్ల వద్ద కొత్తదానితో సమానమవుతుంది. ఆపై నడిచినదంతా లాభం; ముందే పేలితే నష్టం. దారిలో ఆగిన సరుకు నష్టం దీనికి అదనం.

కనుక తేల్చేది పైన వేసే కొత్త రబ్బరు కాదు, లోపలి కేసింగ్. దాన్ని ఎక్కువగా చెరిచేది తక్కువ గాలి. వెనుక జోడు చక్రాలలో లోపలి టైరుకు గేజి అందదు, ఎవరూ చూడరు. గాలి తగ్గితే పక్కగోడ నలిగి వేడెక్కి దారాలు తెగుతాయి. బరువంతా బయటి టైరుపై పడుతుంది. బండి కదలకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిచి రాయాలి. ఒకే టైరు వారంవారం తగ్గుతుంటే వాల్వు లీకనో, సన్నని పంక్చరనో అనుమానించాలి.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల వరకు చట్టం అనుమతిస్తుంది. రీబటన్ ఆలోచన ఉన్నవారు 3, 4 మిల్లీమీటర్లు మిగిలుండగానే విప్పడం మేలు. లేకుంటే రాళ్లు దారాలను కోస్తాయి. స్థానం మార్చినప్పుడల్లా టైరు నంబరు, మీటరు రీడింగు రాయకపోతే పై లెక్కకు ఆధారమే ఉండదు. రీబటన్ టైరును ముందు చక్రానికి మాత్రం వేయరాదు.